పీత ఫొటోలోని ఉక్కు స్కేలు, చీటీ: కత్తిరిస్తే తప్పవుతుందా?

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. ఫిషింగ్ హార్బర్‌లో సేకరించిన పెంకు మీద మూడు చుక్కలుండే పీతల మీద పరిశోధన పత్రం రాస్తున్నాను. ప్రతి ఫొటోలోనూ పక్కన ఉక్కు స్కేలు, నమూనా సంఖ్య రాసిన చీటీ ఉన్నాయి. వాటిని క్రాప్ చేసేసి శుభ్రమైన స్కేల్ బార్ పెట్టమని మా గైడుగారు అంటున్నారు. ఫొటోలోంచి ఏది తీసినా దిద్దినట్టేనని మా సీనియర్ అక్క అంటోంది. ఒక ఫొటోలో చీటీ మూల పీత ఎడమ ముల్లు మీద కూడా పడింది. దాన్ని కంప్యూటర్‌లో చెరిపేయవచ్చా? ఏది తప్పో, ఏది కాదో చెప్పగలరు.
— ఒక పరిశోధక విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీ గైడుగారు చెప్పింది చేయవచ్చు. మీ అక్క భయం కూడా ఊరికే పుట్టింది కాదు. ఆమె మనసులో ఉన్నది చెరపడం, ఆయన చెప్పింది కత్తిరించడం. ఈ రెండూ ఒకటి కావు. క్రాప్ చేసినప్పుడు ఫొటో అంచు లోపలికి జరుగుతుంది, అంతే. మిగిలిన భాగంలో ప్రతి పిక్సెలూ కెమెరా చూసినదే. చెరిపినప్పుడు ఆ వస్తువు ఉన్న చోట ఏదో ఒకటి నింపాలి, ఆ నింపినది కెమెరా చూడనిది. పీత వెనక పరిచిన నల్లగుడ్డ మీద స్కేలును చెరిపి ఇంకాస్త నలుపు పూసినా, అక్కడ ఉన్న నలుపు మీరు తయారుచేసిందే తప్ప గుడ్డది కాదు.

ఈ భేదం నేను కల్పించింది కాదు. జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ 2002లో, అంగీకరించిన పత్రాలలోని చిత్రాలను అచ్చుకు ముందు ఒక్కొక్కటిగా పరిశీలించడం మొదలుపెట్టింది. ఆ పత్రిక సంపాదకులలో ఇద్దరు, రోస్నర్, యమాడా, 2004లో దాని మీద ఒక వ్యాసం రాశారు. చిత్రంలోని ఏ ఒక్క అంశాన్నీ ప్రత్యేకంగా పెంచడం, మరుగుపరచడం, కదపడం, తీసేయడం, కొత్తగా చేర్చడం కూడదన్నది వారి నియమం. వెలుగు, కాంట్రాస్టు మార్చవచ్చు గాని, మొత్తం చిత్రానికి సమానంగా మార్చాలి, మార్చాక అసలులో ఉన్నదేదీ కనబడకుండా పోకూడదు. తరువాత చాలా పత్రికలు ఇంచుమించు ఇదే నియమాన్ని తమ సూచనలలో చేర్చుకున్నాయి. మీ అక్క విన్నది "తీసేయడం కూడదు" అన్న ముక్క అయి ఉండాలి. ఆ మాట చట్రం లోపల మిగిలినదాని గురించి. చట్రం ఎక్కడ గీయాలన్నది వేరే ప్రశ్న, దానికి చివర్లో వస్తాను.

ముందు స్కేలు సంగతి చూద్దాం, ఎందుకంటే అసలు పొరపాట్లు జరిగేది అక్కడే. స్కేలును ఫొటోలోంచి పంపేయవచ్చు గాని, అది మోసుకొచ్చిన సమాచారం పటంలో మిగలాలి. కాబట్టి కత్తిరించే ముందే కొలవాలి. చాలామంది ముందు అందంగా క్రాప్ చేసుకుని, తరువాత "ఇది సుమారు పన్నెండు సెంటీమీటర్ల పీత కదా" అని కంటి అంచనాతో ఒక గీత గీస్తారు. అది స్కేల్ బార్ కాదు, అలంకారం.

పద్ధతి ఇది. అసలు ఫైలును ముట్టుకోకుండా దాని నకలును ఇమేజ్‌జె ప్రోగ్రాములో తెరవండి. సరళరేఖ గీసే పనిముట్టుతో స్కేలు మీద సున్నా గీత నుంచి 100 మిల్లీమీటర్ల గీత వరకు ఒక గీత గీయండి. పది మిల్లీమీటర్ల మేర మాత్రమే గీసి సరిపెట్టుకోవద్దు. మౌసుతో గీతను ఆనించడంలో మూడు పిక్సెళ్లు అటూ ఇటూ కావడం మామూలే. పది మిల్లీమీటర్లు 236 పిక్సెళ్లయితే ఆ మూడు పిక్సెళ్లే ఒక శాతం దాటిన తప్పు. వంద మిల్లీమీటర్లు 2360 పిక్సెళ్లయితే అదే మూడు పిక్సెళ్లు లెక్కలోకి రావు. తరువాత Analyze > Set Scale లో తెలిసిన దూరం 100 అని, ప్రమాణం mm అని ఇవ్వండి. మీ ఫొటోలో మిల్లీమీటరుకు 23.6 పిక్సెళ్లని అది లెక్కగడుతుంది. ఇక పీత చుట్టూ దీర్ఘచతురస్రం గీసి Image > Crop చేయండి. కొలమానం ఫైలుతోనే ఉంటుంది, క్రాప్ వల్ల పోదు. చివరగా Analyze > Tools > Scale Bar లో 20 మిల్లీమీటర్ల గీత పెడితే, అది 472 పిక్సెళ్ల పొడవున పడుతుంది.

Set Scale పెట్టెలో Global అన్న చిన్న గడి ఒకటి ఉంటుంది. దాన్ని టిక్ చేస్తే ఈ ఫొటో కొలమానమే మీరు తెరిచిన ఫొటోలన్నిటికీ అంటుకుంటుంది. కెమెరా స్టాండు మీద కదలకుండా ఉండి, అన్నీ ఒకే దూరంలో తీసినవైతే అది సుఖమే. చేత్తో పట్టుకుని తీసిన ఫొటోలైతే ప్రతి దానికీ స్కేలు వేరుగా కొలవాలి.

స్కేల్ బార్ పెట్టడం తప్ప ఈ పనినంతా మూడు వరుసలుగా రాసి, ఫొటోతో పాటు దాచుకోవచ్చు కూడా:

```
run("Set Scale...", "distance=2360 known=100 unit=mm");
makeRectangle(600, 150, 4800, 3100);
run("Crop");
```

రేపు ఎవరైనా ఏం చేశారని అడిగితే, అసలు ఫైలూ ఈ మూడు వరుసలూ చూపిస్తే చాలు. సంజాయిషీ ఉత్తరం రాయనక్కరలేదు.

ఇంతవరకు సాఫీగానే ఉంది. అయితే మీ ఫొటోలలో నాకు ఒక అనుమానం ఉంది. స్కేలు బల్ల మీద పడుకుని ఉంది. పీత బల్లకు అతుక్కుని ఉండదు. పెంకు పైకి ఉబ్బి ఉంటుంది, ఇరుపక్కలా పొడుచుకొచ్చే ఆ పెద్ద ముళ్లు బల్లకు రెండు సెంటీమీటర్ల ఎత్తున ఉన్నాయనుకుందాం. మీరు పెంకు వెడల్పును కొలిచేది ఆ రెండు ముళ్ల కొనల మధ్యనే కదా. కెమెరా కటకం బల్లకు 400 మిల్లీమీటర్ల పైన ఉంటే, స్కేలు దానికి 400 దూరంలోనూ, ముళ్లు 380 దూరంలోనూ ఉన్నట్టు. దగ్గరగా ఉన్నది పెద్దగా కనిపిస్తుంది. 400ను 380తో భాగిస్తే 1.053 వస్తుంది, అంటే ముళ్ల మధ్య దూరం ఐదు శాతం పైచిలుకు పెరిగి కనిపిస్తుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. వెర్నియర్‌తో పీతను కొలిస్తే 120 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. అదే పీత ఫొటోలో ముల్లు కొన నుంచి ముల్లు కొనకు గీత గీస్తే 2980 పిక్సెళ్లు వస్తాయి, 23.6తో భాగిస్తే 126.3 మిల్లీమీటర్లు. మీ పత్రంలో పట్టికలో 120 అని, పక్క పేజీలో స్కేల్ బార్ ప్రకారం 126 అని ఉంటుంది. స్కేలు ఫొటోలో ఉండగా అది బల్ల మీద ఉందని, పీత పైకి ఉందని చూసేవారికి కనీసం తెలిసేది. క్రాప్ చేసి స్కేల్ బార్ పెట్టాక ఆ ఆనవాలు పోతుంది. పీత మీదే కొలిచినట్టు ఆ గీత నమ్మబలుకుతుంది. ఇందులో మోసమేమీ లేదు గాని, తప్పు కొలత ఒప్పు కొలత వేషం వేసుకుంది. స్కేలు తీసేయడంలో నాకు నిజంగా అభ్యంతరమనిపించేది ఇదొక్కటే.

నమూనాలు ఇంకా సీసాల్లో ఉంటే ఒక పూట కేటాయించి మళ్లీ తీయండి. స్కేలు కింద రబ్బరు ముక్కలు గాని, పిల్లలు ఆడుకునే మట్టి ముద్దలు గాని పెట్టి, ముళ్ల కొనలు ఎంత ఎత్తున ఉన్నాయో అంత ఎత్తుకు లేపండి. లేదా కెమెరాను దూరంగా జరిపి, జూమ్ చేసి తీయండి. 800 మిల్లీమీటర్ల దూరం నుంచి తీస్తే అదే రెండు సెంటీమీటర్ల ఎత్తుకు తప్పు సగానికి, అంటే రెండున్నర శాతానికి దిగుతుంది. మళ్లీ తీయడం కుదరకపోతే, ఫిక్సేషన్‌లో చుక్కల రంగు పోయిందన్నది మామూలు కారణం, పాత ఫొటోనే వాడండి. అప్పుడు మాత్రం పటం కింద "స్కేల్ బార్ బల్ల ఎత్తున ఉన్న స్కేలు ఆధారంగా గీసినది, పట్టికలోని కొలతలు వెర్నియర్‌తో తీసినవి" అని ఒక వాక్యం రాయండి. స్కేల్ బార్‌ను గుట్టుగా కాస్త పొడిగించి 120కి సరిపెట్టడం మాత్రం వద్దు. అంకెలు కలుస్తాయి గాని, ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మీ దగ్గర జవాబుండదు.

స్కేల్ బార్ బదులు "రెట్టింపు సైజు", "నాలుగు రెట్లు" అని రాసి ఊరుకోవద్దు. నేను మొదటి పత్రానికి అలాగే, నత్తగుల్ల ఫొటో కింద నాలుగు రెట్లు అని రాసి పంపాను. నా చేతిలోని ప్రింటులో అది నిజమే. పత్రిక ఆ బొమ్మను తన కాలమ్ వెడల్పుకు కుదించి వేసేసరికి, అచ్చయిన పేజీ మీద నత్తగుల్ల రెండు రెట్లు కూడా లేదు, కింద మాత్రం నాలుగనే ఉంది. తప్పు పూర్తిగా నాదే. బొమ్మలోనే గీసిన బార్ అయితే బొమ్మతో పాటే చిన్నదవుతుంది. మీ 4800 పిక్సెళ్ల వెడల్పు పటాన్ని 85 మిల్లీమీటర్ల కాలమ్‌లో వేస్తే 20 మిల్లీమీటర్ల బార్ పేజీ మీద సుమారు ఎనిమిది మిల్లీమీటర్లుగా పడుతుంది, పీత కూడా అదే నిష్పత్తిలో చిన్నదవుతుంది. అయితే స్లైడులో పెట్టేటప్పుడు పక్క అంచును పట్టుకుని లాగి బొమ్మను వెడల్పు చేయకండి. అప్పుడు పీత సాగుతుంది, అడ్డంగా ఉన్న బార్ కూడా అంతే సాగుతుంది కాబట్టి అడ్డ కొలత నిలుస్తుంది గాని నిలువు కొలత పోతుంది. మూల పట్టుకుని మాత్రమే లాగాలి.

ఇక చీటీ. స్కేలు చెప్పేది ఎంత పెద్దదో, చీటీ చెప్పేది ఇది ఏ పీతో. దాన్ని కత్తిరిస్తే ఆ సంఖ్య పటం కింది వివరణలోకి రావాలి, లేకపోతే ఫొటోకూ సీసాలోని పీతకూ మధ్య తాడు తెగిపోతుంది. ఇందులో ఇంకొక చిక్కు ఉంది. ఒకే పీతను మీరు నాలుగైదు సార్లు ఫొటో తీసి ఉంటారు. చీటీలు పోయిన క్రాపులు "పీత1_కొత్త", "పీత1_ఫైనల్" లాంటి పేర్లతో ఒక ఫోల్డరులో చేరాక, ఒకే పీత రెండు ఫొటోలు రెండు వేర్వేరు నమూనాలుగా పటంలోకి రావడానికి పెద్ద దురుద్దేశమేమీ అక్కరలేదు, రాత్రి పదకొండు దాటిన బద్ధకం చాలు. చిత్రాలను పరిశీలించే వాళ్లు వెతికే వాటిలో ఇదొకటి. ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 2016లో ప్రచురించిన పరిశీలనలో, ప్రచురితమైన 20,621 పత్రాలను కంటితో చూసి, సుమారు 3.8 శాతంలో ఒకే చిత్రం తగని రీతిలో మళ్లీ వాడినట్టు కనుగొన్నారు. ఒకే చిత్రంలోని భాగాలను కాస్త జరిపి, వేరేవిగా చూపినవి వాటిలో ఉన్నాయి. అందుకే క్రాప్ చేసిన ఫైలు పేరులో చీటీ మీది సంఖ్యే ఉండేలా చూసుకోండి.

ముల్లు మీద పడిన చీటీ మూలకు వద్దాం. అక్కడ ముల్లు కొన కెమెరాకు కనబడలేదు. చీటీని చెరిపితే ఆ చోట ముల్లును మీరు గీయాలి, లేదా కుడి ముల్లును తిప్పి అతికించాలి. అది పైన చెప్పిన "కొత్తగా చేర్చడం" కిందికే వస్తుంది. మీ పత్రంలో పెంకు వెడల్పే ముఖ్య కొలత, ఆ కొలతకు ఒక చివర ఆ ముల్లు కొనే. నల్లగుడ్డ మీద దుమ్ము చుక్క తీయడం లాంటిది కాదిది. వీలైతే ఆ పీతను మళ్లీ తీయండి, వీలుకాకపోతే ఆ ఫొటోను చీటీ మూలతో సహా అలాగే వేసి, "ఎడమ ముల్లు కొనను చీటీ కప్పింది" అని వివరణలో రాయండి. చూడటానికి బాగుండదు, నిజమే. చుక్కల అమరికను చూపడానికే ఆ ఫొటో అయితే ఇంకో దారి ఉంది: పెంకు వెనక సగాన్ని, ఆ మూడు ఎర్రటి చుక్కలున్న భాగాన్ని మాత్రం క్రాప్ చేసి వేయండి. అప్పుడు ముల్లూ ఉండదు, చీటీ మూలా ఉండదు, ఎక్కడా చెరపలేదు.

పీత చుట్టూ కత్తిరించి, నేపథ్యమంతా నల్లగానో తెల్లగానో చేసే అలవాటు వర్గీకరణ శాస్త్రంలో ఉంది, దాన్ని వివరణలో చెప్పి చేస్తే సాధారణంగా ఎవరూ అభ్యంతరపెట్టరు. కానీ మీ పీతకు ఈదే కాళ్ల అంచున సన్నని రోమాల వరుస ఉంటుంది. నేపథ్యం తీసే పనిముట్టు వాటిని కూడా నేపథ్యమనుకుని నున్నగా గొరిగేస్తుంది. కాబట్టి నేనైతే మీకు గుడ్డను అలాగే ఉంచమనే చెబుతాను.

చట్రం ఎక్కడ గీయాలన్న ప్రశ్నకు ఇప్పుడు రావచ్చు. స్కేలు, చీటీ కాక ఇంకేదైనా మీ చట్రం బయటికి పోతోందా అన్నది చూసుకోండి. ఒక మగ పీత ఎడమ డెక్క విరిగి, మళ్లీ మొలిచి, చిన్నదిగా ఉందనుకుందాం. పెంకు చుక్కల గురించి రాస్తూ పెంకును మాత్రమే చూపితే, ఆ డెక్క చట్రం బయటికి పోవడంలో దాచినదేమీ లేదు. "మగ పీతలలో డెక్కలు రెండూ సమానం" అని రాస్తూ కుడి డెక్క వరకే క్రాప్ చేసి చూపితే, అది డేటాను వదిలేసి ఫలితాన్ని మార్చడం. పనిముట్టు ఒకటే, క్లిక్కులు కూడా అవే. కత్తిరించిన ముక్కను చూసి ఉంటే మీ వాక్యాన్ని పాఠకుడు వేరుగా చదివేవాడా అని మిమ్మల్ని మీరు అడగండి. అవునన్న జవాబు వస్తే ఆ ముక్క పటంలోనే ఉండాలి. జెల్, బ్లాట్ చిత్రాల విషయంలో నేచర్ వంటి పత్రికలు కత్తిరించని పూర్తి చిత్రాలను అనుబంధంగా పంపమని అడిగేది ఈ కారణంతోనే. మీ ఫొటోల అసలు ఫైళ్లు కూడా ఎవరైనా అడగవచ్చు, కాబట్టి వాటి మీద సేవ్ చేయకుండా వేరే ఫోల్డరులో, కెమెరా ఇచ్చిన పేర్లతోనే ఉంచండి.

ఇంకొక్క మాట. చీటీల మీద జెట్టీలో పీతలిచ్చిన బోటు యజమాని పేరు, ఫోన్ నంబరు కూడా రాసుకునే అలవాటు మన దగ్గర ఉంది. అలా ఉంటే వాటిని తీసేయడం నిజాయితీకి అడ్డం కాదు, తీయకపోతేనే తప్పు. కానీ పవర్‌పాయింట్‌లోనో వర్డ్‌లోనో క్రాప్ చేస్తే ఆ భాగం కనబడకుండా పోతుందే గాని, ఫైలులోంచి పోదు. ఆ బొమ్మ మీద నొక్కి మళ్లీ Crop నొక్కి చూడండి, చీటీ మసకగా తిరిగి కనబడుతుంది. ఫైలు అందుకున్న సమీక్షకులకూ అలాగే కనబడుతుంది. Compress Pictures లో Delete cropped areas of pictures ఎంచుకుని సేవ్ చేయండి, లేదా ఇమేజ్‌జెలో క్రాప్ చేసిన టిఫ్ ఫైలునే నేరుగా పెట్టండి. పంపే ముందు ఆ ఫైలును ఒకసారి మూసి, తెరిచి, ప్రతి పటం మీదా Crop నొక్కి, బయట ఏమీ మిగల్లేదని చూసుకున్నాకే అప్‌లోడ్ చేయండి.